బాడిగ కాగితం

జనవరి 22వ తేదీ సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా అంగడికి పోయినాను. అమ్మ పీకో మిషను ముందర కూర్చోనుంది గానీ మిషను ఆడడం లేదు. కాళ్ల దగ్గర ఫాల్స్ కుట్టాల్సిన చీరలు నాలుగు అట్లనే మడతల్లో ఉన్నాయి.

"ఏమిమా, కరెంటు లేదా?" అని అడిగినాను.

"కరెంటుకేమి, ఉండాది. ఓనరు కొడుకు వచ్చిపోయినాడు. ఒకటో తేదీ నుంచి బాడిగ పన్నెండు వేలంట. ఇయ్యలేకపోతే చెప్పండి, అడిగేవాళ్లు చానామంది ఉండారు అన్నాడు."

అప్పుడు మా బాడిగ 6,500. ఒకటో తేదీకి ఇంకా పది రోజులే ఉంది.

మాది హోసూరులో ఒక చిన్న టైలరింగు అంగడి. రైకలు కుట్టడం, ఫాల్స్, పీకో, పిల్లల లంగాలు. 2014 జూన్‌లో నాయన ఆ అంగడి పట్టినాడు. 2019లో నాయన పోయినాక అమ్మే నడుపుతోంది. సహాయానికి ఒక అక్క వస్తుంది. నెలకు సుమారు 32,000 వస్తే, దారాలు, లైనింగు గుడ్డ, హుక్కులకు 5,000, అక్క జీతం 9,000, కరెంటు 1,000, బాడిగ 6,500 పోను 10,500 మిగులుతుంది. ఇంటి ఖర్చు, నా ఫీజు అన్నీ అందులోనే. బాడిగ 12,000 అయితే మిగిలేది 5,000. అమ్మ మిషను ఆపి చేస్తున్న లెక్క ఇదే అని నాకు అప్పుడు అర్థమయింది.

ఆ రాత్రి నేనే ఒక ఉత్తరం రాసినాను. తెలుగు డిపార్టుమెంటులో చదువుతున్నదాన్ని కదా, బాగా రాయాలనుకున్నాను. "తండ్రి లేని బిడ్డను, మా మీద దయ చూపి, కనికరించి" అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపినాను. చివర "మీరు కనికరించకపోతే మేము అంగడి ఖాళీ చేసి వీధిన పడవలసిందే" అని ముగించినాను. చదువుతుంటే నాకే కళ్లల్లో నీళ్లు వచ్చినాయి.

మరుసటి రోజు దాన్ని మా వీధి చివర ఉండే తాతకు చూపించినాను. ఆయన తాలూకాఫీసు ముందర ముప్పై ఏండ్లు పత్రాలు రాసినాడు. ఇప్పుడు కండ్లు సరిగా కనిపించక ఇంట్లోనే ఉన్నాడు. నేను చదివితే విన్నాడు. అయిపోయినాక, "పాప, ఇది ఉత్తరం కాదు, ఏడుపు. దీంట్లో ఆయనకు పనికొచ్చే మాట ఒకటుంది, నీకు పనికొచ్చేది ఒకటీ లేదు" అన్నాడు.

ఆయనకు పనికొచ్చే మాట ఏదని అడిగితే, "ఖాళీ చేస్తామని నువ్వే రాసిచ్చినావు చూడు" అన్నాడు.

ఆ పొద్దు తాత చెప్పిన సంగతులు నాకు కొత్త. బాడిగ ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదని చట్టం ఉందని మా వీధిలో అందరూ అంటారు. నేనూ ఉత్తరంలో ఆ మాట రాసినాను. అట్లాంటి హద్దు ఏదీ లేదన్నాడు తాత. తమిళనాడులో 1960 నాటి పాత బాడిగ చట్టం ఇప్పుడు లేదు. దాని చోట 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలుకు వచ్చింది. దాని ప్రకారం బాడిగ అంటే ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం. ఆ ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఆ కాగితాన్ని బాడిగ అధికారి దగ్గర నమోదు చేయాలి.

"మన దగ్గర కాగితం లేదు కదా తాతా, అయితే ఆయన ఖాళీ చేయించలేడు కదా?" అన్నాను. ఏ కాగితమూ లేకపోవడమే మనకు రక్ష అని నేను అనుకున్నాను.

"అదే తప్పు" అన్నాడు. పాత బాడిగలకు కూడా రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలని కొత్త చట్టం చెప్పింది. చేసుకోకపోతే, అదే కారణంగా అంగడి ఖాళీ చేయించమని ఓనరు బాడిగ కోర్టుకు పోవచ్చు. అంటే పదేండ్లుగా మేము నమ్మకం అనుకున్నది, తగాదా వస్తే మా మీదికే తిరుగుతుంది. "అందుకని మీ ఉత్తరంలో రెండు మాటలు ఉండి తీరాల. పన్నెండు వేలకు మేము ఒప్పుకోలేదు అనేది ఒకటి. కాగితం రాసుకోవడానికి మేము తయారు అనేది రెండోది. రేపు ఎవరైనా అడిగితే, కాగితం వద్దన్నది మేము కాదు అని చూపించుకోవచ్చు."

ఇంకో మాట కూడా చెప్పినాడు. ఉత్తరానికి జవాబు వచ్చేవరకు పాత బాడిగ 6,500 మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా కట్టాలి. మంచితనానికి ఎనిమిది వేలు పంపిద్దామా అని అమ్మ ఆలోచన. వద్దన్నాడు. పెంచి ఒక్క నెల కట్టినా, పెంపుకు ఒప్పుకున్నట్టే చెప్పుకుంటారు. కట్టకుండా ఆపితే బాకీదారులమవుతాం, అది ఇంకా చెడ్డది.

ఇంటికి వచ్చి బీరువాలో నాయన నోటుపుస్తకం వెతికినాను. నీలం అట్ట పుస్తకం. మొదటి పేజీలో "అడ్వాన్సు 40,000" అని నాయన రాసింది, కింద ఓనరు సంతకం ఉంది. తర్వాతి పేజీల్లో నెల నెలా బాడిగ. 2014లో 4,000. 2016లో 4,500. 2018లో 5,000. అక్కడి నుంచి అమ్మ చేతిరాత. 2021లో 5,800, 2023లో 6,500. 2020 నుంచి ఓనరు కొడుకు నంబరుకు ఫోనులో పంపిస్తున్నాం కాబట్టి బ్యాంకు లెక్క కూడా ఉంది. లాక్‌డౌన్‌లో రెండు నెలలు సగం బాడిగ చాలని పెద్దాయన అన్న సంగతి కూడా అమ్మ రాసిపెట్టింది.

ఆ అంకెలు వరసగా పెట్టి చూస్తే ఒక విషయం తెలిసింది. పెంచిన ప్రతిసారీ పదకొండు నుంచి పదహారు శాతం మధ్యనే పెరిగింది, అదీ రెండు మూడేండ్లకు ఒకసారి. ఇప్పుడు అడిగేది ఒకేసారి దాదాపు 85 శాతం.

ఇక మిగిలింది ఓనరు కొడుకు చెప్పిన కారణం. మూలమీద కొత్తగా వచ్చిన మొబైల్ అంగడివాళ్లు 12,000 ఇస్తున్నారని, అదే బిల్డింగులో మనకు మాత్రం 6,500 ఎందుకని అతని మాట. అది అబద్ధం కాదు. కానీ ఆ అంగడి పెద్దది. ఎంత పెద్దదో ఎవరికీ తెలీదు. నేను అమ్మ టేపు తీసుకుని పోయినాను. టైలరు టేపు 60 అంగుళాలు, అంటే అయిదడుగులు. మొబైల్ అంగడి అన్న నవ్వుతూ కొలుచుకోమన్నాడు. వెడల్పు రెండు టేపుల మీద ఒక అడుగు, పొడవు సరిగ్గా నాలుగు టేపులు. 11 అడుగులు, 20 అడుగులు, మొత్తం 220 చదరపు అడుగులు. మాది 10, 12. మొత్తం 120. భాగించి చూస్తే వాళ్లు అడుగుకు ఇస్తున్నది 54 రూపాయల 55 పైసలు. మేము ఇప్పటికే ఇస్తున్నది 54 రూపాయల 17 పైసలు. పన్నెండు వేలయితే మాకు అడుగుకు నూరు రూపాయలు.

అమ్మకు చెప్తే మళ్లీ ఒకసారి తనే గుణించి చూసుకుంది. "ఇది రాయి" అన్నది. "ఏడుపు వద్దులే. ఇది రాయి."

ఉత్తరం ఏ భాషలో రాయాలనేది తర్వాతి తగవు. ఓనరు పెద్దాయన ఇంట్లో తెలుగే. ఆయన తెలుగు చదువుతాడు. కొడుకు చదివింది తమిళం, ఇంగ్లీషు. ఆఫీసుల దాకా పోతే తమిళంలో ఉండాలి. కానీ అమ్మకు తెలుగు ఒకటే చదవడం వస్తుంది. "నేను చదవలేని దాని మీద సంతకం పెట్టను" అన్నది. అందుకని తెలుగులో రాసి, నా స్నేహితురాలి చేత అదే వరసలో తమిళంలో రాయించి, రెండింటి మీదా అమ్మ సంతకం పెట్టింది. తెలుగు ఉత్తరం ఇది. పేర్లు మాత్రం తీసేసినాను.

"హోసూరు, 25-1-2025.

గౌరవనీయులైన మామగారికి నమస్కారం.

మీ కట్టడంలో కింది అంతస్తున రోడ్డు వైపు ఉన్న 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల అంగడిని 2014 జూన్ నుంచి మేము బాడిగకు ఉంచుకున్నాము. అడ్వాన్సు 40,000 రూపాయలు మీ దగ్గర ఉన్నది. ఇప్పటి బాడిగ నెలకు 6,500 రూపాయలు. 2025 జనవరి వరకు బాడిగ పూర్తిగా చెల్లించినాము, బాకీ లేదు.

ఈ నెల 22న మీ కుమారుడు అంగడికి వచ్చి, ఫిబ్రవరి 1 నుంచి బాడిగ 12,000 రూపాయలని నోటిమాటగా చెప్పినారు. ఈ పెంపుకు మేము ఒప్పుకోలేదని వినయంగా తెలియజేస్తున్నాము. ఇంతకుముందు పెంచిన నాలుగుసార్లూ మీరు మాతో మాట్లాడి పెంచినారు, మేము ఒప్పుకుని ఇచ్చినాము. ఆ వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. మూల అంగడి బాడిగను పోలికగా చెప్పినారు. ఆ అంగడి 220 చదరపు అడుగులు, మాది 120. అడుగు లెక్కన రెండు అంగళ్ల బాడిగ ఇప్పుడు సమానంగానే ఉన్నది.

బాడిగ ఎప్పటికీ పెంచవద్దని మేము అనడం లేదు. మార్చి 1 నుంచి 7,500 రూపాయలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. ఆ తర్వాత ఏడాదికి 5 శాతం పెంచుకోవచ్చును.

ఈ సందర్భంలో మన మధ్య ఉన్న మాటలను కాగితం మీద రాసుకోవాలని కోరుతున్నాము. బాడిగ ఎంత, ఏ తేదీలోపు ఇవ్వాలి, ఎప్పుడు ఎంత పెరుగుతుంది, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసినపుడు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, షట్టరు, వైరింగు వంటి మరమ్మతులు ఎవరివి, ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా ఎన్ని నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఇవి ఉంటే చాలును. చట్టప్రకారం ఆ కాగితాన్ని నమోదు చేయించడానికి కావలసిన సంతకాలు, గుర్తింపు కాగితాలు మేము ఇస్తాము.

కాగితం రాసుకునేవరకు ఇప్పటి బాడిగ 6,500 రూపాయలను ఎప్పటిలాగే 5వ తేదీలోపు పంపిస్తాము. దయచేసి రసీదు ఇప్పించగలరు. ఫిబ్రవరి 10లోపు మీ జవాబు రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన."

ఉత్తరం పోస్టులో పంపమని తాత చెప్పినాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మనిషి రెండు వీధుల అవతల ఉంటే పోస్టులో కాగితం పంపేదా? ఆయన మీ నాయన దినాలకు వచ్చి మూడు పొద్దులు కూర్చున్న మనిషి" అన్నది. చివరికి ఇట్ల చేసినాము. రెండు ప్రతులు తీసుకుని ఇద్దరమూ వాళ్లింటికే పోవాలి, ఒకటి ఆయనకిచ్చి, రెండోదాని మీద ముట్టిందని సంతకం అడగాలి. పెట్టకపోతే మరుసటి రోజు రిజిస్టరు పోస్టులో పంపాలి.

పెద్దాయన వాకిట్లో కుర్చీలో కూర్చోనున్నాడు. అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ మెల్లగా చదివినాడు. చదివి కాగితం మడిచినాడు.

"ఏమ్మా, పదేండ్లు లేని కాగితం ఇప్పుడెందుకు? నా మీద నమ్మకం పోయిందా?" అన్నాడు.

నేను మాట్లాడబోయినాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ మీద నమ్మకం ఉండాది మామా. లాక్‌డౌన్‌లో సగం బాడిగ చాలన్నారే, అది నేను రాసిపెట్టుకోనుండాను. కానీ ఆ మాట మీకూ నాకూ తెలుసు. మీ అబ్బాయికి తెలీదు, నా బిడ్డకు తెలీదు. మనం పోయినాక వాళ్లకు ఏమి తెలుస్తాది?"

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకును పిలిచి, "ఆ మూల అంగడి ఎన్ని అడుగులురా?" అని అడిగినాడు. కొడుకు సుమారుగా చెప్పినాడు, అదీ తక్కువ చేసి. నేను సంచిలోంచి టేపు తీసినాను. పెద్దాయన నవ్వినాడు. కొడుకు నవ్వలేదు. సంతకం మాత్రం పెద్దాయన పెట్టినాడు, తెలుగులో, తేదీతో సహా.

ఫిబ్రవరి 3న 6,500 పంపినాము. ఏ నెల బాడిగో దాంట్లోనే రాసినాము. డబ్బు తిరిగి రాలేదు. కానీ ఫిబ్రవరి 10 దాటినా జవాబూ రాలేదు. ఆ వారం అమ్మ సరిగా నిద్రపోలేదు. మా మీటరు ఓనరు పేరుతోనే ఉంది. కరెంటు తీసేస్తారేమో అని ఆమె భయం. అట్ల నీళ్లు, కరెంటు ఆపి ఖాళీ చేయించకూడదని కూడా చట్టంలోనే ఉందని తాత ధైర్యం చెప్పినాడు. నిజంగా ఆపితే బాడిగ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చునని, దానికి కూడా మన ఉత్తరమూ ఆయన సంతకమూ పనికొస్తాయని అన్నాడు. చట్టం ఉందని తెలిసినంత మాత్రాన రాత్రి నిద్ర రాదు. కానీ ఏమి చెయ్యాలో తెలిస్తే మిషను మీద చెయ్యి వణకదు. అమ్మ ఆ వారం ఒక పెండ్లివాళ్ల పదకొండు రైకలు కుట్టి ఇచ్చింది.

17వ తేదీ కొడుకే వచ్చినాడు. ఎనిమిది వేలన్నాడు. అమ్మ 7,500 దగ్గర నిలబడింది. చివరికి 7,800కు కుదిరింది. అడుగుకు 65 రూపాయలు. నేను మనసులో లెక్క వేసుకుంటుంటే అమ్మ నా వైపు చూసి తల ఊపింది.

మేము అడిగినవన్నీ దొరకలేదు. మూడేండ్లకు రాద్దామంటే కొడుకు ఒప్పుకోలేదు. పదకొండు నెలలే అన్నాడు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి, ఆ ఖర్చు, తిరుగుడు వద్దని అందరూ చేసేది అదే. అంటే పదకొండు నెలల తర్వాత మళ్లీ మాట్లాడుకోవాల్సిందే. కాకపోతే కొనసాగితే 5 శాతమే పెంచాలని రాసినాము. అప్పుడు 8,190 అవుతుంది. ఎవరు వద్దనుకున్నా మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అడ్వాన్సు 40,000 అని, ఖాళీ చేసిన రోజే తిరిగి ఇస్తారని కాగితంలోకి ఎక్కింది. పదేండ్లుగా నాయన నోటుపుస్తకంలో మాత్రమే ఉన్న అంకె అది. పదకొండు నెలల కాగితమైనా బాడిగ అధికారి దగ్గర నమోదు కావాలి కాబట్టి, కొడుకే ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించినాడు. తమిళం తెలిసిన మనిషి కాబట్టి ఆ పని అతనికే సులభం.

స్టాంపు పేపరు మీద కాగితం తమిళంలో ఉంది. సంతకం పెట్టే రోజు అమ్మ పెన్ను పట్టుకుని ఆగింది. "ఆ మాటలే తెలుగులో చదువు" అన్నది నాతో. నేను ఒక్కొక్క వాక్యం చూసి తెలుగులో చెప్పినాను. పెద్దాయన కూడా విన్నాడు. మరమ్మతుల దగ్గర ఆయనే ఆపి, "షట్టరు నాది, లోపలి వైరింగు నాది, మిషను ప్లగ్గులు మీవి, అట్ల రాసినారా లేదా?" అని అడిగినాడు. రాసినారు.

అమ్మ సంతకం పెట్టి, నాయన నోటుపుస్తకం తెరిచి, మార్చి 2025 అని రాసి పక్కన 7,800 వేసింది. కాగితం ఉంది కదమ్మా, ఇంకా పుస్తకమెందుకు అంటే, "కాగితం వాళ్లకూ మనకూ. ఇది నాకు" అన్నది. తర్వాత మిషను ముందు కూర్చుని, మడతల్లో ఉన్న చీర తీసుకుంది.